గంటల లెక్క – గిగాబైట్ల పద్దు

విద్యుత్కేంద్రాలలో పనిచేసేవారికి కిలోవాటుకూ యూనిట్‌కూ గల భేదాన్ని వేరుగా వివరించనక్కరలేదు. కిలోవాటు అన్నది ఆ క్షణాన జరిగే వాడకపు జోరు. యూనిట్ అన్నది ఆ జోరు ఎన్ని గంటలు సాగిందో చూసి కట్టిన మొత్తం. బిల్లులో వాడకాన్ని లెక్కించేది యూనిట్లలోనే గాని కిలోవాట్లలో కాదు. అందుచేత రెండు కిలోవాట్ల గీజరును పావుగంట వాడిన ఇంటికంటే, అరవై వాట్ల బల్బును రాత్రింబవళ్ళు వెలిగించిన ఇంటికే ఎక్కువ యూనిట్లు పడతాయి.

నేడు మన ఇళ్ళలో ఉన్న అంతర్జాల సదుపాయానికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. సెకనుకు ఇన్ని మెగాబిట్లు అన్నది జోరు. నెలకు ఇన్ని గిగాబైట్లు అన్నది మొత్తం. ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిది. అడుగున చిన్న అక్షరాలతో ఉండే హద్దు రెండవది. ఆ హద్దు ఏ తేదీన ఎదురవుతుందో ముందుగా లెక్క కట్టుకోవచ్చునా? కట్టవచ్చునని మా అభిప్రాయం. ఆ లెక్క ఎలా కట్టామో, అది ఎంతవరకు నిలబడిందో ఈ వ్యాసంలో మనవి చేస్తాము.

మేముంటున్నది మధ్యభారతంలోని ఒక ప్రాజెక్టు టౌన్‌షిప్. మా క్వార్టర్ల వరుసకు ఇంకా ఫైబరు తీగ రాలేదు. సిమ్ కార్డు వేసిన 5జీ రౌటరు ఒకటి కిటికీ దగ్గర పెట్టుకుని, దానినుంచే ఇంటిల్లిపాదీ వాడుకుంటున్నాము. మా పథకం ప్రకారం నెలకు 300 గిగాబైట్లు లభిస్తాయి. లోపలికి వచ్చినదీ బయటకు పోయినదీ రెండూ లెక్కలోనివే. గడువు ప్రతి నెలా పన్నెండవ తేదీతో మొదలవుతుంది. హద్దు దాటిన పిమ్మట సంబంధం తెగిపోదు గాని, వేగం సెకనుకు ఒక మెగాబిట్‌కు పడిపోతుంది. ఆ వేగంలో వార్తలు చదువుకోవచ్చు, సందేశాలు పంపుకోవచ్చు. ముఖాముఖి వీడియో మాత్రం నిలకడగా సాగదు.

మొన్నటి గడువులో మాకు ఈ విషయం ప్రాణావసరమైంది. ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ప్రాజెక్టు పని నిమిత్తం ఇంటివద్దనే ఉన్నది. ఆమెకు ఉద్యోగపు ఇంటర్వ్యూ వీడియో ద్వారా జరుగుతుందని కబురు వచ్చింది. తేదీ చూస్తే మా గడువులో ఇరవై ఆరవ రోజు. అప్పటికి ఖాతాలో సరుకు మిగిలి ఉండాలి. మిగులుతుందో లేదో ఊహ మీద వదిలే వ్యవహారం కాదది.

ముందుగా సూత్రం చెప్పుకుందాము. బైట్‌కు ఎనిమిది బిట్లు. గంటకు 3600 సెకన్లు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున గంటసేపు ప్రవహిస్తే 3600 మెగాబిట్లు, అంటే 450 మెగాబైట్లు, అంటే 0.45 గిగాబైట్. కనుక లెక్కంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది:

GB = Mbps × గంటలు × 0.45

ఇందులో గంటలు ఇంటివారిని అడిగితే తెలుస్తాయి. జోరు ఎంతో తెలియడమే కష్టం. వీడియో కంపెనీలు కొన్ని అంకెలు చెబుతాయి. ఉదాహరణకు నెట్‌ఫ్లిక్స్ వారు తమ చిత్రాలకు గంటకు మామూలు స్పష్టతలో 0.7, హెచ్‌డీలో 3, 4కేలో 7 గిగాబైట్ల వరకు కావచ్చునని ప్రకటించారు. ఇవి గరిష్ఠపు అంకెలు. మన ఇంట్లో మన టీవీ ఎంత తీసుకుంటున్నదో తెలియాలంటే కొలవడమే మార్గం. మేము చేసినది ఇది. ఒక సాయంత్రం తక్కిన పరికరాలన్నిటికీ వైఫై ఆపివేసి, రౌటరు పేజీలోని అంకె వ్రాసుకుని, టీవీలో ధారావాహిక గంటసేపు చూసి, మళ్ళీ అంకె వ్రాసుకున్నాము. తేడా 2.2 గిగాబైట్లు. సూత్రాన్ని తిరగవేస్తే సుమారు ఐదు మెగాబిట్ల జోరు. హెచ్‌డీకి సహజమైన అంకె కనుక కొలత సరిగానే ఉన్నదని నిర్ధారణ అయింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. వీడియో పంపేవారు ఒకే చిత్రాన్ని అనేక స్పష్టతలలో సిద్ధంగా ఉంచుతారు. మన సంబంధం ఎంత వేగంగా ఉంటే అంత మంచి స్పష్టతను పరికరం తనంతట తాను ఎన్నుకుంటుంది. పాత నాలుగు మెగాబిట్ల తీగ మీద చూసిన అదే ధారావాహికను, అదే గంటసేపు 5జీ మీద చూస్తే ఎక్కువ డేటా ఖర్చు కావడానికి కారణమిదే. "మేము చూసే గంటలు పెరగలేదే" అని ఆశ్చర్యపోయేవారు ఈ సంగతి గమనించాలి. గంటలు పెరగలేదు, జోరు పెరిగింది.

మా ఇంటి పద్దు ఇలా తేలింది. టీవీ రోజుకు రెండున్నర గంటలు, నెలకు 75 గంటలు. గంటకు 2.2 చొప్పున 165 గిగాబైట్లు. ఫోన్లలో చిన్నాపెద్దా వీడియోలు అందరివీ కలిపి రోజుకు మూడు గంటలు, నెలకు 90 గంటలు. చిన్న తెర కనుక ఒక మెగాబిట్ చాలును. మొత్తం 40. అమ్మాయి ప్రాజెక్టు సమావేశాలు నెలకు 36 గంటలు. అక్కడ అందరి ముఖాలూ ఇటు వస్తాయి, ఈమె ముఖం అటు పోతుంది. రావడానికి ఒకటిన్నర, పోవడానికి ఒకటి, వెరసి రెండున్నర మెగాబిట్లు. గంటకు 1.1 గిగాబైట్ చొప్పున 40. రాజమహేంద్రవరంలో ఉన్న మా అమ్మగారితో రోజూ అరగంట వీడియోలో మాట్లాడతాము. ఇద్దరివీ ఫోన్లే కనుక చెరి అర మెగాబిట్. నెలకు 7 గిగాబైట్లు.

కేవలం మాటల కాల్స్ సంగతి చూస్తే మాకే విస్మయం కలిగింది. గొంతును సంక్షిప్తం చేసి పంపడానికి సెకనుకు ముప్పై కిలోబిట్లు చాలును. అయితే ఆ గొంతును సెకనుకు యాభై చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కొక్క పొట్లానికి నలభై బైట్ల చిరునామా చీటీ అంటిస్తారు. ఆ చీటీల బరువే పదహారు కిలోబిట్లు. అన్నీ కలిపి ఒక దిశలో యాభైకి లోపు, రెండు దిశలలో వందకు లోపు కిలోబిట్లు. అంటే గంటకు 45 మెగాబైట్లు. నెలకు ముప్పై గంటలు మాట్లాడినా ఒకటిన్నర గిగాబైట్‌కు మించదు. టీవీలో నలభై నిమిషాలు చూసిన దానికి ఇది సమానం. ఇంట్లో డేటా ఆదా చేయాలనుకున్నవారు మొదట ఫోను మాటల మీద ఆంక్ష పెడతారు. అది నీటిబొట్లను లెక్కిస్తూ పంపును వదిలివేయడం వంటిది.

తరువాతది అప్‌డేట్ల వ్యవహారం. వీటికి గంటల లెక్క పనికిరాదు. ఇవి ముద్దలుగా వచ్చి పడతాయి. రెండు లాప్‌టాప్‌లకు నెలకొకసారి వచ్చేవి, నాలుగు ఫోన్లలో యాప్‌లు తమంతట తాము దింపుకునేవి కలిపి మాకు మామూలు నెలలో 15 గిగాబైట్లు అవుతున్నది. ఫోను మూల వ్యవస్థకు పెద్ద అప్‌డేట్ వచ్చిన నెలలో మరి మూడు నాలుగు కలుస్తాయి. సందేశాలు, ఫోటోలు, వార్తాపత్రికలు వంటి చిల్లరకు 12 వేసుకున్నాము.

అన్నీ కూడితే 280 గిగాబైట్లు. హద్దు 300. పైకి చూస్తే ఇరవై మిగులు కనిపిస్తుంది. కాని ఏ అంచనాకైనా పదవ వంతు అదనంగా వేసుకోవడం మన వృత్తిధర్మం. వేస్తే 308. అంటే గడువు చివరకు మేము అంచు మీద నిలబడి ఉంటామన్నమాట.

పద్దు వ్రాసుకున్నందువలన కోత ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కరలేకపోయింది. సగానికి పైగా ఒక్క టీవీదే. దాని యాప్‌లో స్పష్టతను స్వయంచాలకం నుంచి తప్పించి 720 గీతలకు కట్టుదిట్టం చేశాము. మళ్ళీ గంట కొలిస్తే 1.1 గిగాబైట్ వచ్చింది. మా తెరకూ మా కళ్ళజోళ్ళకూ తేడా పెద్దగా తెలియలేదు. నెలకు 165 కాస్తా 82కు దిగింది. మొత్తం 198, అదనం కలిపినా 218. ఇంట్లో ఎవరి గంటలూ తగ్గించకుండానే ఇది జరిగింది.

రెండవ జాగ్రత్త అప్‌డేట్లకు సంబంధించినది. ఫోన్లలో యాప్‌ల అప్‌డేట్‌కు Over Wi-Fi only అనే ఏర్పాటు ఉంటుంది. వైఫై అంటే హద్దులేని సరుకు అని ఆ ఏర్పాటు చేసినవారి భావన. కాని మా వంటి ఇళ్ళలో వైఫై వెనుక ఉన్నది కొలతగల సిమ్ కార్డే. ఫోనుకు ఆ సంగతి తెలియదు. రౌటరును చూసి, ఇది వైఫై కదా అని నిశ్చింతగా దింపుకుంటుంది, ఫోటోలను పైకి ఎక్కిస్తుంది. కనుక మనమే చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వైఫై పేరు మీద నొక్కి వివరాలలోకి వెళితే Treat as metered అనే ఎంపిక ఉంటుంది. విండోస్ లాప్‌టాప్‌లలో ఆ వైఫై లక్షణాలలో Metered connection అనే మీట ఉంటుంది. ఐఫోన్లలో Low Data Mode ఉంటుంది. ఇవి పెట్టిన తరువాత పెద్ద దింపుళ్ళు చాలావరకు మన అనుమతి కోసం ఆగుతాయి. అత్యవసర భద్రతా అప్‌డేట్లు కొన్ని అప్పటికీ రావచ్చు, రావలసినవే. అప్‌డేట్లను శాశ్వతంగా ఆపివేయడం మాత్రం క్షేమం కాదు. గడువు ముగిసే చివరి రెండు రోజులలో, మిగులు చూసుకుని, ఒక్కొక్క పరికరానికి వరుసగా చేయించడం మా పద్ధతి.

మా పద్దు సంగతి తెలిసి ప్రక్క క్వార్టరు మిత్రుడు ఒక సాయంత్రం వచ్చారు. వారిది వరంగల్లు. పథకం మాదే. వారికి మాత్రం పంతొమ్మిదవ రోజుకే హద్దు వచ్చి పడుతున్నది.

"రాత్రింబవళ్ళు మావాడి గేమే సార్, ఇంకేముంటుంది! ఫోను లాక్కున్నాను కూడా" అన్నారు ఆయన.

పదకొండవ తరగతి చదివే ఆ కుర్రవాడు వెనుకే నిలబడి ఉన్నాడు. "రోజుకు రెండు గంటలే అంకుల్" అన్నాడు మెల్లగా.

ఆటలో ఎవరు ఎటు కదిలారు, ఎవరు ఏం చేశారు అన్న సమాచారం మాత్రమే తీగ మీద నడుస్తుంది. బొమ్మలన్నీ ఫోనులోనే ఉంటాయి. కనుక ఇటువంటి ఆటలకు గంటకు వంద మెగాబైట్లు వేసుకున్నా ఎక్కువే. రెండు గంటలకు 0.2 గిగాబైట్. ఆట కొత్త భాగాలను దింపుకున్న రోజున ఒకటి రెండు గిగాబైట్లు పడవచ్చు గాని, అది నిత్యం జరిగేది కాదు. పంతొమ్మిది రోజులలో 300 అంటే రోజుకు 15.8. అందులో కుర్రవాడి ఆట వాటా నూటికి ఒకటి మాత్రమే. మిగిలినది ఎవరిది?

ఇంట్లో అన్నీ ఆపినా కరెంటు మీటరు చక్రం తిరుగుతుంటే లైన్‌మన్ ఏం చేస్తాడో అదే చేయమన్నాము. రాత్రి పదకొండు గంటలకు, అందరూ పడుకున్న తరువాత రౌటరు అంకె వ్రాసుకోవాలి. తెల్లవారుజామున ఐదింటికి లేవగానే మళ్ళీ వ్రాసుకోవాలి. ఆ ఆరు గంటలలో ఒక ఇంటి వాడకం మామూలుగా 0.1 లేదా 0.2 గిగాబైట్ ఉంటుంది. మిత్రుడు మరునాడు తెచ్చిన తేడా సరిగ్గా రెండు గిగాబైట్లు. ఆరు గంటలతోనూ 0.45తోనూ భాగిస్తే 0.74 మెగాబిట్. నిద్రపోని పరికరం ఏదో సెకను విరామం లేకుండా ముప్పావు మెగాబిట్ తీసుకుంటున్నదన్నమాట.

అది గుమ్మం మీది కెమెరా. ఊరికి వెళ్ళినపుడు ఇల్లు చూసుకోవడానికి రెండు నెలల క్రితం పెట్టించారు. దృశ్యాన్ని ఇరవై నాలుగు గంటలూ దూరపు నిల్వకేంద్రానికి పంపే ఏర్పాటు అది. జోరు చూస్తే టీవీలో ఆరవ వంతు కూడా లేదు. కాని నెలకు 720 గంటలు. సూత్రంలో వేస్తే 243 గిగాబైట్లు. పోయేది బయటకే అయినా లెక్కకు లెక్కే. రోజుకు 8.1 కెమెరాది, 7.7 ఇంటివారిది, కలిపి ఆ 15.8. మన భాషలో చెప్పాలంటే ఇది బేస్ లోడు. శిఖర సమయంలో కనిపించదు గనుక ఎవరూ అనుమానించరు.

కెమెరాను లోపలి కార్డులో నమోదు చేసుకునేట్టు మార్చి, కదలిక కనిపించినపుడు మాత్రమే దృశ్యం పంపేట్టు పెట్టారు. మరుసటి రాత్రి తేడా 0.15కు దిగింది. ఆ రోజే ఫోను కుర్రవాడి చేతికి తిరిగి వెళ్ళింది. ఆయన కొడుకుతో ఏమన్నారో మేము వినలేదు గాని, మరునాడు పిల్లవాడు మా గేటు దగ్గర సైకిలు ఆపి, ఆ సూత్రం మళ్ళీ ఒకసారి చెప్పమని అడిగి నోటుపుస్తకంలో వ్రాసుకుని వెళ్ళాడు.

ఇక మా గడువు ఎలా నడిచిందో చెప్పవలసి ఉన్నది. అంచనా 198 అంటే రోజుకు 6.6. పదవ రోజుకు 66 ఉండాలి. కంపెనీ యాప్‌లో చూస్తే 74. ఎనిమిది ఎక్కువ. ఇటువంటప్పుడు చాలామంది 74ను మూడుతో హెచ్చవేసి 222 అని బెంగపడతారు. అది సరి కాదు. ఎక్కువైనది గంటల వలనా, ముద్దల వలనా అని ముందు విడదీయాలి. మా విషయంలో ఒక ఫోనుకు మూల వ్యవస్థ అప్‌డేట్ కోసం మేమే అనుమతించిన 3 గిగాబైట్లు, బంధువుల ఇంటి వివాహంలో తీసిన అరగంట 4కే వీడియో పైకి ఎక్కినందుకు 5 గిగాబైట్లు లెక్క తేలాయి. ఆ 4కే వీడియో నిమిషానికి సుమారు 170 మెగాబైట్లు తీసుకున్నది మరి. ఈ రెండూ మళ్ళీ వచ్చేవి కావు. కనుక మిగిలిన ఇరవై రోజులకు 6.6 చొప్పున 132 కలిపితే గడువు చివరకు 206. బెంగపడవలసినది లేదు. తేడా గంటల వలన వచ్చి ఉంటే మాత్రం హెచ్చవేత సరైనదే, అప్పుడు కోత తప్పదు.

అంకెలు చూసుకునేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. కొన్ని రౌటర్లు ఆపి వేసినపుడు తమ లెక్కను సున్నాకు తెచ్చుకుంటాయి. కంపెనీ యాప్ అంకె కొన్ని గంటలు వెనుకబడి ఉండవచ్చు. చిన్న కొలతలకు రౌటరు, దినసరి పద్దుకు కంపెనీ అంకె మేలు. అలాగే విండోస్ లాప్‌టాప్ వెయ్యికి బదులు 1024తో లెక్కిస్తుంది. కంపెనీవారు వెయ్యితో లెక్కించి 300 అన్నది అక్కడ 279గా కనిపిస్తుంది. రెండూ సరైనవే, కొలపాత్రలు వేరు.

ఇరవై ఐదవ రోజు రాత్రి యాప్‌లో 172 చూపింది. అంచనా ప్రకారం రావలసినది 173. మిగులు 128. మరునాటి ఇంటర్వ్యూ గంటా పదిహేను నిమిషాలు సాగింది. ఖర్చయినది ఒకటింబావు గిగాబైట్. ఆ గంటలో ఇంట్లో ఎవరూ ఏమీ ఆపుకోనక్కరలేకపోయింది. మా శ్రీమతి పక్కగదిలో మామూలుగానే ధారావాహిక చూశారు, శబ్దం మాత్రం తగ్గించి.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నవి. ఇంటికి చుట్టాలు వచ్చిన వారం, సెలవుల నెల, క్రికెట్ పోటీలు జరిగే రోజులు పాత పద్దును తలక్రిందులు చేస్తాయి. కొత్త పరికరం ఏది ఇంటికి వచ్చినా రాత్రి పదకొండు, ఉదయం ఐదు అంకెలు మళ్ళీ ఒకసారి వ్రాసుకోవాలి. మా అమ్మాయికి ఫలితం ఇంకా రాలేదు. తరువాతి విడత ఇంటర్వ్యూ ఉంటే, అది వచ్చే గడువులో ఎన్నవ రోజు పడుతుందో ఆమె ఇప్పటికే లెక్క కట్టి గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నది.